అటక మీద దొరికిన ఎర్ర–ఆకుపచ్చ రేకుల సెట్టు: ఇదేంటో చెప్పగలరా, లేని ముక్కలు ఎక్కడ దొరుకుతాయి?

రాజీవి_నల్గొండ
ఇల్లు రంగులేయిస్తుంటే అటక మీద మా మామయ్య గారి ట్రంకు పెట్టెలో ఒక అట్టపెట్టె దొరికింది. లోపల బొక్కలు బొక్కలుగా ఉన్న ఇనుప పట్టీలు, కొన్ని ఎరుపు, కొన్ని ఆకుపచ్చ. పల్చటి రేకులు, ఇత్తడి చక్రాలు, గుప్పెడు నట్లు బోల్టులు. మామయ్య సాగర్ డ్యాం పనుల్లో ఓవర్సీరుగా చేశారు, హిల్ కాలనీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లు. ఇది అప్పటిదే అని మా అత్తమ్మ అంటున్నారు. ఆయన ఇప్పుడు లేరు కాబట్టి అడగడానికి లేదు.

పెట్టె మూత సగం చెదలు తినేసింది. మిగిలిన సగంలో ఒక క్రేన్ బొమ్మ, ఇంగ్లీషు అక్షరాల్లో చివర "కానో" అని మాత్రం కనిపిస్తోంది. పక్కన చిన్న కాగితం చీటీ మీద 4 అంకె, ఆ తర్వాత చిరిగిపోయింది. ఆ మూత బొమ్మతో వెతికితే అచ్చం అలాంటివే నాలుగైదు సెట్లు వచ్చాయి, ఒక్కోదాని మీద ఒక్కో నంబర్ ఉంది. 4వ నంబర్ సెట్ ఫోటోతో పోల్చి చూస్తే మా దాంట్లో సగం సామానే లేదు. అడుగున పెట్టే పెద్ద రేకు లేదు, తిప్పే హ్యాండిల్ లేదు, నట్లు చాలా తక్కువ. మా బాబుకి తొమ్మిదేళ్లు, క్రేన్ చేద్దామని ఒకటే గోల. ఫోటోలు పెట్టాను. ఇది నిజంగా ఏ సెట్టు, పోయిన ముక్కలు ఇక్కడ ఎక్కడైనా దొరుకుతాయా?

గద్వాల్_గౌడ్
మెకానిక్స్ అది. మా చిన్నప్పుడు అందరిళ్లల్లో ఉండేది. బేగంబజార్‌లో కొత్త సెట్టే దొరుకుతుంది, పాతదానితో ఎందుకు తిప్పలు.

పాత_సెట్ల_పిచ్చి
గౌడ్ గారూ, మెకానిక్స్ మన దేశంలో తర్వాత వచ్చిన సెట్టు. ఇది దానికంటే చాలా పాతది. మూత మీద మిగిలిన "కానో" అంటే మెకానో. ఇంగ్లాండులో ఫ్రాంక్ హార్న్‌బీ అనే ఆయన 1901లో పేటెంట్ తీసుకుని మొదలుపెట్టాడు, 1907 నుంచి మెకానో అన్న పేరు వచ్చింది. లివర్‌పూల్ ఫ్యాక్టరీ 1979లో మూతపడింది.

అక్కా, ఒక సంగతి ముందే చెప్తాను. మూత బొమ్మను బట్టి కాలం అంచనా వేయొచ్చు గానీ సెట్ నంబర్ చెప్పలేం. ఒకే బొమ్మను రకరకాల సైజుల పెట్టెల మీద వేసేవాళ్లు, నంబర్ వేరే చీటీ మీద ఉండేది. మీకు నాలుగైదు సెట్లు ఒకేలా కనిపించింది అందుకే. పైగా పాత ఇళ్లల్లో రెండు మూడు సెట్లు కలిసిపోయి ఏదో ఒక పెట్టెలో చేరతాయి. కాబట్టి పెట్టెను పక్కనపెట్టి ముక్కలనే అడుగుదాం.

రెండు పనులు చేయండి. బాగా పొడుగున్న పట్టీని దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి, రంగు కింద అణిచి కొట్టిన అక్షరాలు ఉంటాయి. తర్వాత 11 బొక్కలున్న పట్టీ ఒకటి తీసి, మొదటి బొక్క మధ్య నుంచి చివరి బొక్క మధ్య దాకా స్కేలుతో కొలవండి. మిల్లీమీటర్లలో చెప్పండి.

వనపర్తి_వాసు
మా ఇంట్లో బిజినెస్ ఆటలో నోట్లన్నీ పోయాయి, ఐదు వందలవి ఒక్కటీ లేవు. అవి విడిగా అమ్ముతారా ఎక్కడైనా?

గద్వాల్_గౌడ్
@వనపర్తి_వాసు నిజం నోట్లు పెట్టి ఆడండి, ఆట మస్తు సీరియస్ అయితది.

రాజీవి_నల్గొండ
చూశాను. పట్టీ మీద మెకానో అనే ఉంది, దాని పక్కన ఇంగ్లాండ్ అని కూడా. కొలత 127 మిల్లీమీటర్లు, కాస్త అటూ ఇటూ.

పాత_సెట్ల_పిచ్చి
సరిపోయింది. 11 బొక్కల మధ్య 10 ఖాళీలు, ఒక్కో ఖాళీ 12.7 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా అరంగుళం. మెకానో అంతా ఈ అరంగుళం లెక్క మీదే నడుస్తుంది. ఒక్క ఖాళీ కొలిస్తే 12 అనిపించొచ్చు, 13 అనిపించొచ్చు. పది ఖాళీలు కలిపి కొలిస్తే తేడా బయటపడుతుంది, అందుకే 11 బొక్కల పట్టీ అడిగాను. 100 మిల్లీమీటర్లు వచ్చి ఉంటే వేరే కంపెనీ అనుకోవాలి. చెక్ దేశపు మెర్కూర్ సెట్లలో ఖాళీ 10 మిల్లీమీటర్లే.

ముక్కల పేర్లు తెలుసుకోవడానికీ ఈ లెక్కే పనికొస్తుంది. పట్టీకి ఎన్ని బొక్కలున్నాయో లెక్కపెట్టి సగం చేస్తే దాని పొడవు అంగుళాల్లో వస్తుంది. 25 బొక్కలది పన్నెండున్నర అంగుళాలు, అది 1వ నంబర్ ముక్క. 11 బొక్కలది ఐదున్నర, అది 2వ నంబర్. 5 బొక్కలది రెండున్నర, 5వ నంబర్. లేని ముక్క ఎవరినైనా అడగాలంటే ఈ నంబర్లే చెప్పాలి. "పొడుగు పట్టీ" అంటే అమ్మేవాడికి అర్థం కాదు.

మిర్యాలగూడ_మెకానిక్
ఎరుపు ఆకుపచ్చ అంటే 1950ల మాల్. వేరే ఆలోచనే వద్దు.

పాత_సెట్ల_పిచ్చి
@మిర్యాలగూడ_మెకానిక్ చివరికి అక్కడికే చేరొచ్చు గానీ, రంగు ఒక్కటే చూసి చెప్పలేం. ఎరుపు ఆకుపచ్చ మొదట 1926లోనే వచ్చింది, అంతకుముందు అంతా నికెల్ పూత. 1934లో నీలం, బంగారు రంగుకి మార్చారు. యుద్ధం అయ్యాక మళ్లీ ఎరుపు ఆకుపచ్చ. 1964లో పసుపు, నలుపు, వెండి రంగులు. అంటే ఎరుపు ఆకుపచ్చకి రెండు కాలాలున్నాయి.

వీటిని విడదీసేది ఆ పల్చటి రేకులు. చేత్తో వంచితే వంగే రేకులు 1930ల చివర్లో గానీ రాలేదు, అప్పటికి రంగు నీలం. అక్క ఫోటోలో వంగే రేకులు ఎర్రగా, పచ్చగా ఉన్నాయి కాబట్టి యుద్ధం తర్వాతదే, 1964కి ముందుది. డ్యాం పనులు 1955 డిసెంబర్‌లో మొదలయ్యాయి. వాళ్ల అత్తమ్మ చెప్పింది సరిపోతోంది.

సాగర్_పైలాన్
మాది పైలాన్ కాలనీ. మా నాన్న అక్కడే స్టోర్స్‌లో చేసేవారు. మా పక్క క్వార్టర్స్‌లో ఒక ఇంజనీరు గారి అబ్బాయి దగ్గర ఇలాంటిదే ఉండేది, మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. తాడు చుట్టి బరువు పైకి లేపే క్రేన్ చేసేవాడు. పైన ఇంజనీర్లు క్రేన్లు నడుపుతుంటే కింద వీడు ఇంట్లో నడిపేవాడు. రాజీవి గారూ, బాబుతో తప్పకుండా చేయించండి.

రాజీవి_నల్గొండ
@సాగర్_పైలాన్ అత్తమ్మకి మీ పోస్టు చదివి వినిపించాను, పైలాన్ కాలనీ పేరు వినగానే కబుర్లు మొదలుపెట్టారు. థాంక్సండి.

@పాత_సెట్ల_పిచ్చి మరి 4వ నంబర్ సెట్టే కదా ఇది? సగం పోయినట్టేనా?

పాత_సెట్ల_పిచ్చి
అక్కడే నాకు అనుమానం. చీటీ మీద 4 తర్వాత చిరిగిందన్నారు. మెకానోలో 4 ఒక సెట్, 4ఎ ఇంకో సెట్. 4ఎ అంటే అదనపు సెట్ అన్నమాట. ఇంట్లో ఇప్పటికే 4 ఉన్నవాళ్లు 4ఎ కొంటే రెండూ కలిసి 5వ నంబర్ సెట్ అవుతుంది. తర్వాత 5ఎ కొంటే 6. జీతం రాగానే కాస్త కాస్త కొనుక్కునే ఏర్పాటు. ఆ అదనపు పెట్టెలో పైసెట్టుకి తక్కువైనవే ఉంటాయి, ముందే ఉన్న ముక్కలు మళ్లీ ఇవ్వరు. మీ పెట్టె 4ఎ అయితే, మీరు పోయాయి అనుకుంటున్న వాటిలో చాలా భాగం అసలు ఆ పెట్టెలో ఎప్పుడూ లేవు.

తేల్చడానికి దారి ఉంది. పెట్టె అడుగున అట్ట ఉందా? ఆ రోజుల్లో ముక్కలను అట్టకి సన్నటి దారంతో కట్టి ఇచ్చేవాళ్లు. ముక్కలన్నీ తీసేసి ఆ అట్టను కిటికీ దగ్గర పెట్టి చూడండి. దారం దూర్చడానికి జంట జంటగా సూది బొక్కలు ఉంటాయి. ముక్క కింద ఉన్న చోట అట్ట రంగు వెలవదు కాబట్టి దాని ఆకారం ముదురు రంగులో అచ్చు పడినట్టు ఉంటుంది. ముఖ్యంగా అంచులు మడిచిన పెద్ద రేకు, 52వ నంబర్, ఐదున్నర అంగుళాల పొడవు రెండున్నర వెడల్పు. దాని అచ్చు అక్కడ ఉందా లేదా చూడండి.

కొత్తకోట_కవిత
ఈ అట్ట సంగతి చదివి మా స్కాట్లాండ్ యార్డ్ బోర్డు ఆట పెట్టె తీసి చూశాను. దాంట్లో కూడా ప్లాస్టిక్ ట్రేలో గుంటలుంటాయి కదా, ఏ గుంట ఖాళీగా ఉందో చూస్తే ఏది పోయిందో తెలిసిపోతుంది. మాకు టాక్సీ టిక్కెట్లు సగం పోయాయి. ఒక్కో డిటెక్టివ్‌కి ఎన్ని ఉండాలో ఎవరికైనా గుర్తుందా? రూల్స్ కాగితం కూడా లేదు.

పాలమూరు_పవన్
@కొత్తకోట_కవిత ఒక్కో డిటెక్టివ్‌కి 10 టాక్సీ, 8 బస్, 4 అండర్‌గ్రౌండ్. పాత పెళ్లి కార్డుల అట్టతో కత్తిరించుకోండి. కానీ ఒకటి గమనించండి, డిటెక్టివ్ వాడేసిన టిక్కెట్ వాళ్లు వెతికే మిస్టర్ ఎక్స్ చేతికి వెళ్తుంది, అతను దాన్ని తన పట్టీలోని గడిలో పెట్టి తాను రాసిన స్టేషన్ నంబర్‌ని కప్పాలి. కాబట్టి మిగిలిన అసలు టిక్కెట్‌ను అట్ట మీద పెట్టి గీసి, ఆ గీత మీదే కత్తిరించండి. మేం చేసినవి వెంట్రుకవాసి పెద్దవై గడిలో కూర్చోక, లేపేసరికి నంబర్ కనిపించిపోయేది.

కొత్తకోట_కవిత
అబ్బ, ఇదే కావాల్సింది. మా ఇంట్లో పెళ్లి కార్డులకి కొదవ లేదు.

వనపర్తి_వాసు
నా నోట్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

పాలమూరు_పవన్
@వనపర్తి_వాసు మిగిలిన నోటును జిరాక్స్ తీయించి రంగు కాగితం మీద ప్రింట్ కొట్టించండి, ఆ ఆటకి అది చాలు. విడిగా నోట్ల కట్టలు ఫ్యాన్సీ షాపుల్లో కూడా ఉంటాయి, అడిగి చూడండి.

రాజీవి_నల్గొండ
అట్ట ఉంది! పైన ఒక పొర దుమ్ము, తుడవకుండా కిటికీ దగ్గర పెట్టి చూశాను. పట్టీల అచ్చులు వరసగా, చక్రాల గుండ్రటి మచ్చలు, వాటి పక్కన రెండేసి సూది బొక్కలు, ఒక దాంట్లో దారం ముక్క ఇంకా ఉంది. ఫోటో పెట్టాను. మడిచిన అంచుల పెద్ద రేకుకి సరిపోయే మచ్చ ఎక్కడా లేదు. మా దగ్గరున్న వంగే రేకులు మాత్రం అచ్చుల మీద పెడితే సరిగ్గా కూర్చుంటున్నాయి. హ్యాండిల్ అచ్చు కూడా లేదు.

పాత_సెట్ల_పిచ్చి
ఫోటో చాలా బాగా వచ్చింది. నా లెక్కలో ఇది 4ఎ. ఇంకో రుజువు కూడా కావాలంటే, అప్పటి సూచనల పుస్తకాల చివర ఒక పట్టిక ఉండేది, నిలువు వరసల్లో సెట్ నంబర్లు, అడ్డంగా ముక్కల నంబర్లు, ఏ సెట్‌లో ఏది ఎన్ని అని. ఆ పుస్తకాలను అభిమానులు స్కాన్ చేసి పెట్టారు. `Meccano outfit 4a contents` అని వెతకండి. యుద్ధం తర్వాతి పట్టికే చూడండి, ముందుది చూస్తే నంబర్లు అవే ఉన్నా సరుకు వేరు. మీ ముక్కలు లెక్కపెట్టి ఆ వరసతో పోల్చండి. పట్టికలో ఉన్నదానికంటే ఏదైనా ఎక్కువ ఉంటే అది వేరే పెట్టె నుంచి వచ్చి కలిసినట్టు.

రాజీవి_నల్గొండ
అంటే అసలు 4వ సెట్ ఇంకో పెట్టె ఉండి ఉండాలి కదా. అత్తమ్మని అడిగితే దేవరకొండలో మా చిన్న మామయ్య గారింటికి కొన్ని సామాన్లు వెళ్లాయని చెప్పారు. ఫోన్ చేస్తే "చూస్తానమ్మా" అన్నారు. చూద్దాం.

అంతవరకూ బాబుని ఆపలేను. నట్లు బోల్టులు ఇక్కడ దొరుకుతాయా? రెండు చిన్న చక్రాలకి స్క్రూ కూడా లేదు, ఇరుసు మీద ఊరికే తిరుగుతున్నాయి.

మిర్యాలగూడ_మెకానిక్
ఇది నా లైను. ఎం4 బోల్టులు అక్కా, ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా ఇస్తారు, గడియారం సెంటర్ చుట్టుపక్కల ఎన్ని షాపులు లేవు. మా అన్న కొడుకు సెట్‌కి నేనే తెచ్చిచ్చా, బ్రహ్మాండంగా పట్టాయి. చక్రాలకి కూడా అదే బిగించేయండి. ఇరుసులు వంగిపోయి ఉంటే సైకిల్ పుల్లలు కోసి వాడండి.

పాత_సెట్ల_పిచ్చి
ఆగండి ఆగండి. చక్రాలకి ఎం4 బిగించకండి అక్కా, దయచేసి.

@మిర్యాలగూడ_మెకానిక్ మీరు చెప్పింది పట్టీలకి సరే. ఎం4 బోల్టు, దాని ఎం4 నట్టు, రెండూ జంటగా వాడితే పట్టీ బొక్కలోంచి హాయిగా పోతుంది, బిగుసుకుంటుంది. కానీ మెకానో బోల్టు ఎం4 కాదు. అది 5/32 అంగుళం విట్‌వర్త్ అనే పాత ఇంగ్లీషు కొలత, అంగుళానికి 32 చుట్లు. లావు చూస్తే 3.97 మిల్లీమీటర్లు, ఎం4 4 మిల్లీమీటర్లు, కంటికి ఒకటే. తేడా అంతా చుట్లలో. ఎం4కి చుట్టుకీ చుట్టుకీ మధ్య 0.7 మిల్లీమీటర్లు, దీనికి 0.79. అందుకే పాత నట్టులోకి ఎం4 ఒకటి రెండు చుట్లు సుఖంగా ఎక్కుతుంది, తర్వాత బిగుస్తుంది. "బాగా పట్టింది" అనుకుని ఇంకా తిప్పితే లోపలి చుట్లు కోసుకుపోతాయి. నట్టు పోతే పోయింది, ఇంకోటి కొనొచ్చు. చక్రం మధ్యలో ఉన్న ఇత్తడి బొడిపెలో చుట్లు పోతే ఆ చక్రం మళ్లీ ఇరుసుని పట్టదు. ఇత్తడి మెత్తన, ఎం4 స్టీలు.

చూడాలంటే ఒక పాత బోల్టు, ఒక ఎం4 బోల్టు పక్కపక్కన ఆనించి, వెనక నుంచి వెలుతురు పడేలా పట్టుకోండి. మొదట్లో చుట్లు ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి, చివరికొచ్చేసరికి గుట్ట మీద గుట్ట వస్తుంది, సందుల్లోంచి వెలుతురు కనిపిస్తుంది.

మిర్యాలగూడ_మెకానిక్
నేను పెట్టినవి ఇప్పటికీ ఉన్నాయి సారూ. ఊడలేదు.

పాత_సెట్ల_పిచ్చి
ఎం4 నట్టుతో జంటగా పెడితే ఊడవు, అదే నేనూ అంటున్నది. మీ అన్న కొడుకుది ఏ సెట్?

మిర్యాలగూడ_మెకానిక్
ఇప్పటి సెట్టే. పాతది కాదు. అయినా సైకిల్ పుల్ల మాటేంటి?

పాత_సెట్ల_పిచ్చి
మామూలు సైకిల్ పుల్ల 2 మిల్లీమీటర్లు. మెకానో ఇరుసు 4.06, పాత 8 గేజి. పుల్ల పెడితే చక్రం ఊగులాడుతుంది, స్క్రూ దాన్ని పట్టుకోలేదు. దానికి బదులు 4 మిల్లీమీటర్ల నున్నటి స్టీలు కడ్డీ తీసుకుంటే కాస్త వదులుగా అనిపిస్తుంది గానీ పనవుతుంది. రాణీగంజ్‌లో ఇంజనీరింగ్ సామాన్ల షాపుల్లో మీటరు లెక్కన అడగండి. కోశాక కొసలు ఆకురాయితో గుండ్రంగా చేయాలి, లేకపోతే చక్రం లోపల గీసుకుపోతుంది.

మిర్యాలగూడ_మెకానిక్
కడ్డీ సంగతి ఒప్పుకుంటా. చుట్లు కోసే 5/32 ట్యాపు మాత్రం మా దగ్గర లేత్ షాపుల్లో కూడా కష్టమే, అందరూ మిల్లీమీటర్లకి వచ్చేశారు. నన్నడిగితే చక్రం చుట్లు పోయినప్పుడు ఎం5కి పెద్దది చేసి బిగిస్తా. పని ముఖ్యం.

పాత_సెట్ల_పిచ్చి
పూర్తిగా పాడైన చక్రానికి అలా చేయొచ్చు, నేను కాదనను. బాగున్నదానికి మాత్రం వద్దు.

అక్కా, ఆ రెండు చక్రాల ఫోటో దగ్గరగా, పక్క నుంచి తీసి పెట్టగలరా? మధ్యలో ఇత్తడి బొడిపె ఉందా లేదా చూడాలి.

రాజీవి_నల్గొండ
పెట్టాను. ఒకదానికి బొడిపె ఉంది, దానికి పక్కన చిన్న చిల్లు ఉంది. రెండోదానికి అసలు బొడిపే లేదు, నున్నగా ఉంది.

పాత_సెట్ల_పిచ్చి
అనుకున్నాను. బొడిపె లేనిదానికి స్క్రూ పోలేదు, అసలు ఉండదు. అది 22ఎ, అంగుళం పుల్లీ, ఇరుసు మీద వదులుగా తిరగడమే దాని పని. క్రేన్‌లో తాడు దాని మీంచి జారుతూ పోతుంది. దాన్ని బిగిస్తే క్రేనే పనిచేయదు. బొడిపె ఉన్నది 22, దానికి మాత్రం స్క్రూ కావాలి. మీ దగ్గరున్న పాత మెకానో బోల్టుల్లో పొట్టిది ఒకటి తీసి ఆ చిల్లులో బిగించండి, చుట్లు రెండింటికీ ఒకటే. చేత్తో సాఫీగా ఎక్కాలి, ఎక్కడైనా మొరాయిస్తే తీసేసి అంచులో మురికి ఉందేమో పళ్ల బ్రష్‌తో తోమండి. తలకాయ బయటికి పొడుచుకొస్తుంది, తిరిగేటప్పుడు పక్క పట్టీకి తగలకుండా చూసుకుంటే చాలు. తలకాయ లేని అసలు స్క్రూ కావాలంటే దాని నంబర్ 69ఎ, బయటి దేశాల్లో అమ్మేవాళ్లు పంపిస్తారు. వస్తువు చవక, పోస్టు ఖర్చే ఎక్కువ. అందుకే ఒక్క స్క్రూ కోసం తెప్పించుకోకండి, కావాల్సినవన్నీ నంబర్లతో రాసుకుని ఒకేసారి తెప్పించండి.

నా సలహా ఏంటంటే, మీ పాత బోల్టులు, నట్లు అన్నీ ఒక డబ్బాలో వేరుగా పెట్టి చక్రాలకి, ఇరుసు పక్కకి జరగకుండా బిగించే కాలర్లకి మాత్రమే వాడండి. పట్టీలు, రేకులు కలపడానికి కొత్త ఎం4 జంటలు. పాత నట్లు చదరంగా ఉంటాయి, మీరు తెచ్చేవి ఆరు మూలలవి, కాబట్టి కలిసిపోయినా నట్లను ఏరేయొచ్చు. బోల్టులకి మీ బాబు చేత తల మీద పెయింట్ చుక్క పెట్టించండి, కొత్తవాటికి మాత్రమే.

పాలమూరు_పవన్
పట్టీలు తక్కువైతే ఇక్కడే చేయించుకోవచ్చా సార్? నా దగ్గర ఇలాంటివే కొన్ని ఉన్నాయి, పొడుగువి రెండు విరిగాయి.

పాత_సెట్ల_పిచ్చి
చేయించొచ్చు. అరంగుళం వెడల్పు, ఒక మిల్లీమీటరు మందం ఇనుప పట్టీ. అసలు కష్టం బొక్కల దగ్గర. కొలిచి గుర్తులు పెట్టి డ్రిల్ చేస్తే ఒక్కో బొక్కకి వెంట్రుకంత తప్పు వచ్చి, 25వ బొక్కకి వచ్చేసరికి అసలు పట్టీతో కలవదు. అందుకని తుప్పు పట్టి పనికిరాని అసలు పట్టీని ఒకదాన్ని కొత్త ఇనుము మీద పెట్టి, రెండు కొసలా క్లాంపు వేసి, దాని బొక్కల్లోంచే కిందికి డ్రిల్ చేయాలి. మొదట రెండు చివర్ల బొక్కలు వేసి వాటికి బోల్టులు బిగించి, తర్వాత మధ్యవి వేస్తే పట్టీ జరగదు. డ్రిల్ బిట్ 4.2. మంచి పట్టీని మూసగా వాడొద్దు, డ్రిల్ తగిలి దాని బొక్కలు పెద్దవవుతాయి. విరిగిన రెండూ పారేయకండి, విరగని వైపు చిన్న పట్టీలుగా కోసుకోవచ్చు.

గద్వాల్_గౌడ్
నేను మొదట అన్నది మళ్లీ అంటున్నా. ఇంత కష్టం కంటే మెకానిక్స్ కొత్త సెట్ తెచ్చి అందులో ముక్కలు దీంట్లో కలిపితే అయిపోదా?

పాత_సెట్ల_పిచ్చి
@గద్వాల్_గౌడ్ అవ్వొచ్చు, కాకపోవచ్చు. కొనేముందు 11 బొక్కల పాత పట్టీ ఒకటి జేబులో వేసుకుని వెళ్లండి. తెలిసినవాళ్ల దగ్గరున్న సెట్ పట్టీ మీద దాన్ని పెట్టి మొదటి బొక్కలు రెండూ కలపండి, చివరి బొక్కలోంచి అవతలికి పూర్తిగా కనిపిస్తే కలుస్తుంది, చంద్రవంకలా కనిపిస్తే కలవదు. బోల్టు నట్టు కూడా ఇందాక చెప్పినట్టే వేలితో తిప్పి చూడాలి. మెకానిక్స్ అన్నంత మాత్రాన కలుస్తుందనీ కలవదనీ నేను చెప్పను, చూసి కొనమంటాను.

జడ్చర్ల_జ్యోతి
రాజీవి గారూ, తుప్పుకి ఉప్పుకాగితం కొట్టి కొత్తగా రంగు వేయించండి, కొత్తదానిలా మెరుస్తుంది. మా తమ్ముడు పాత స్కూటర్‌కి అలాగే చేయించాడు.

పాత_సెట్ల_పిచ్చి
వద్దమ్మా. ఆ రంగు వల్లే కదా ఇందాక కాలం తేలింది. ఉప్పుకాగితం కొడితే అణిచిన అక్షరాలూ పోతాయి. పైగా రంగు మందంగా వేస్తే బొక్కలు సన్నబడి బోల్టు దూరదు. ఒక చుక్క మెషిన్ ఆయిల్, పాత బనియన్ గుడ్డతో రుద్దితే పైపైన ఉన్న తుప్పు వదులుతుంది. మిగిలిన మరక అలాగే ఉండనివ్వండి, పనికి అడ్డం రాదు. పిల్లాడు పట్టుకునే పట్టీల అంచులు మాత్రం చేత్తో తడిమి చూడండి, గరుకుగా ఉంటే అక్కడొక్కచోట ఆకురాయి.

జడ్చర్ల_జ్యోతి
స్కూటర్ మాత్రం బాగానే అమ్ముడుపోయింది సార్. కానీ మీరన్నది నిజమే, దీని సంగతి వేరు.

సాగర్_పైలాన్
జుమ్మేరాత్ బజార్ ఎవరూ చెప్పలేదేంటి? హైదరాబాద్ వెళ్లినప్పుడు గురువారం అక్కడ పాత సామాన్లలో ఇలాంటి ఇనుప ముక్కలు గంపల్లో పోసి కనిపిస్తాయి. తూకానికి ఇస్తారు ఒక్కోసారి.

పాత_సెట్ల_పిచ్చి
@సాగర్_పైలాన్ మంచి మాట. వెళ్తే అక్షరాలు చూడండి, ఆ 11 బొక్కల పట్టీ పక్కన పెట్టి చూడండి. ఇత్తడి చక్రాలు కనిపిస్తే ముందు అవే ఏరుకోండి, పట్టీలు మనం చేయించుకోగలం గానీ చక్రాలు, పళ్ల చక్రాలు చేయించుకోలేం. పళ్ల చక్రం అయితే పళ్లు లెక్కపెట్టండి. 57 పళ్లది, 19 పళ్లది జంట, చిన్నది మూడు చుట్లు తిరిగితే పెద్దది ఒకటి. 50, 25 ఇంకో జంట. ఈ రెండు జంటలూ అంగుళం దూరంలో ఉన్న రెండు ఇరుసుల మీద కూర్చుంటాయి, అంటే రెండు ఖాళీల దూరం. 57కి 25 జత చేస్తే కలవదు.

రాజీవి_నల్గొండ
పట్టిక దొరికింది, బాబు నేను కూర్చుని లెక్కపెట్టాం. 4ఎ వరసతో పట్టీలు, రేకులు దాదాపు అన్నీ సరిపోయాయి. నట్లు బోల్టులే బాగా తక్కువ, ఒక పుల్లీ తక్కువ. కానీ ఐదు బొక్కల పట్టీలు మాత్రం పట్టికలో కంటే ఎక్కువున్నాయి, అవి ఎక్కడివో తెలియదు. ఎం4 జంటలు గడియారం సెంటర్ దగ్గర తెచ్చాను, పొట్టివి అడిగితే 10 మిల్లీమీటర్లవి ఇచ్చారు. బాగా పట్టాయి. కొక్కెం లేదు, దాని నంబర్ ఎంత?

పాత_సెట్ల_పిచ్చి
కొక్కెం 57. అది కొనక్కర్లేదు, మందపాటి తీగ వంచి చేయండి. కాకపోతే దానికి కొంచెం బరువుండాలి, లేకపోతే ఖాళీగా ఉన్నప్పుడు తాడు పుల్లీ మీంచి జారి పక్కన పడుతుంది. తీగ కొక్కేనికి పైన రెండు మూడు నట్లు దూర్చేయండి. తాడుకి నైలాన్ కంటే నూలుది మేలు, నైలాన్ జారుతుంది.

ఎక్కువైన ఐదు బొక్కల పట్టీల రంగు మిగతావాటితో ఒకటేనా? పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూడండి. 1958 ప్రాంతంలో ఎరుపు, ఆకుపచ్చ కొంచెం లేతవి చేశారు. తేడా ఉంటే రెండో పెట్టె కొన్న కాలం వేరన్నమాట.

రాజీవి_నల్గొండ
ఇప్పుడు చీకటి పడింది, ట్యూబ్‌లైట్ కింద ఒకేలా ఉన్నాయి. రేపు బయట పెట్టి చూస్తాను. హ్యాండిల్ సంగతి మాత్రం దేవరకొండ పెట్టె దొరికితేనే. అందాకా ఇరుసు ఒకటి వంచేద్దామా అని మా వారు అడుగుతున్నారు.

పాత_సెట్ల_పిచ్చి
అసలు ఇరుసుని వంచొద్దని చెప్పండి. 22వ నంబర్ పుల్లీ ఒకటి ఇరుసు చివర బిగించి, దాన్నే పట్టుకుని తిప్పండి. బరువు ఎత్తడానికి కాస్త బలం పడుతుంది గానీ పనవుతుంది.

మిర్యాలగూడ_మెకానిక్
అక్కా, ఆ 4 మిల్లీమీటర్ల కడ్డీ తెస్తే నాకు పంపండి, సార్ చెప్పిన కొలతకి వంచి హ్యాండిల్ నేను చేసిస్తా. కొసలు ఆకురాయి కూడా పట్టిస్తా.

రాజీవి_నల్గొండ
సంతోషం తమ్మీ. మిర్యాలగూడ వచ్చేవాళ్లు ఉన్నారు, పంపిస్తాను. ఎంత పొడవు తేవాలి?

పాత_సెట్ల_పిచ్చి
అడుగున్నర తెండి. క్రేన్ వెడల్పు ఐదు బొక్కలు పెడితే రెండు పట్టీల మధ్య రెండు అంగుళాలు, కాలర్లకి రెండు వైపులా అర అర, వంపుకి, పట్టుకోవడానికి ఇంకో రెండున్నర. మొదటి వంపు అరంగుళం అటూ ఇటూ పోయినా ఇంకోసారి చేయడానికి మిగులుతుంది. వంచేది కాలర్ ఎక్కించాకే తమ్మీ, ముందు వంచితే కాలర్ ఆ వంపు దాటదు.

మిర్యాలగూడ_మెకానిక్
ఒకవైపే వంచుతా కదా సారూ, రెండో కొస నుంచి ఎక్కుతుంది.

పాత_సెట్ల_పిచ్చి
రెండో కొస నుంచి ఎక్కుతుంది, నిజమే. అయితే ఆ కొస నున్నగా చేయడం మర్చిపోకండి, కాలర్ దూరేది అక్కడి నుంచే.